తరగతి గోడకు ఏ సామెత?

కాలం గురించిన సామెతలన్నీ ఒకే మాట చెప్పవు. ‘ఆలస్యం అమృతం విషం’ అని తొందరపెట్టే తెలుగే ‘నిదానమే ప్రధానం’ అనీ అంటుంది. జర్మన్లకైతే ఐదు నిమిషాలు ముందుండటమే సమయపాలన. రష్యన్ సామెత మరీ సూటి: ఒక్కరి కోసం ఏడుగురు ఆగరు. తరగతికి సరిగ్గా సరిపోయేలా ఉంది కానీ, బస్సు ఆలస్యమై పరుగున వచ్చిన పిల్లను అది రోజూ దెప్పుతుంది. అందుకే నా ఎంపిక ‘దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలి’. ఇది ఎవరినీ వేలెత్తి చూపదు, బొమ్మగానూ వేయొచ్చు: ప్రమిదలో అడుగంటిన నూనె, పక్కన ఇల్లు సర్దుతున్న చేతులు. కరెంటు వెలుగులో పెరిగిన పిల్లలకు మాత్రం, నూనె అయిపోతే రాత్రి పని ఆగిపోయేదని ఒకసారి చెప్పాలి. అక్షరాలు చివరి బెంచీకి కనిపించాలి. అంటించే ముందు అక్కడ కూర్చుని చదివి చూడండి.