భాగం 7: సన్నని, ఎత్తైన వస్తువులు ముద్రణ మధ్యలో బెడ్ నుంచి ఊడిపోవడం – కారణాలు, జిగురు పాత్ర

విషయక్రమం

7.0 లక్ష్యాలు
7.1 పరిచయం
7.2 ఎత్తు పెరిగేకొద్దీ ఏం జరుగుతుంది?
7.3 తాకిడి ఎక్కడి నుంచి వస్తుంది?
7.4 ఊడిన వస్తువును పరిశీలించడం
7.5 అడుగును వెడల్పు చేయడం: బ్రిమ్
7.6 గ్లూ స్టిక్ వాడకం
7.7 కరెంటు పోయినప్పుడు
7.8 సారాంశం
7.9 మాదిరి ప్రశ్నలు

7.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరవాత మీరు:

- సన్నని వస్తువు ముద్రణ మొదట్లో కాక, చాలావరకు పూర్తయ్యాక ఎందుకు ఊడుతుందో వివరించగలుగుతారు.
- ఊడిన వస్తువు అడుగును చూసి కారణాన్ని గుర్తించగలుగుతారు.
- బ్రిమ్, గ్లూ స్టిక్‌లలో దేన్ని ఎప్పుడు, ఎలా వాడాలో నిర్ణయించగలుగుతారు.

7.1 పరిచయం

కరిగిన ప్లాస్టిక్ తీగను పొరలు పొరలుగా పేర్చి వస్తువును తయారుచేసే త్రీడీ ప్రింటర్ పనితీరును గత భాగాలలో తెలుసుకున్నారు. మొదటి పొర బెడ్‌కు సరిగా అంటుకుంటే మిగతా ముద్రణ సాఫీగా సాగుతుందని సాధారణంగా అనుకుంటాం. వెడల్పైన వస్తువుల విషయంలో ఇది చాలావరకు నిజమే. సన్నగా, పొడవుగా నిలబడే వస్తువుల విషయంలో మాత్రం మొదటి పొర చక్కగా అంటుకున్నా, ముద్రణ ముప్పాతిక వంతు పూర్తయ్యాక వస్తువు ఒక్కసారిగా ఊడి పక్కకు పడిపోవచ్చు. ఆ తరవాత నాజిల్ గాలిలోనే ప్లాస్టిక్‌ను వదులుతూ పోతుంది. చివరికి బెడ్ మీద దారాల ముద్ద మిగులుతుంది.

ఈ భాగమంతటికీ ఒకే ఉదాహరణ తీసుకుందాం. కళ్యాణదుర్గం ప్రాంతంలోని వేరుశనగ చేలో నేల తేమను కొలిచే సెన్సర్ అమర్చాలనుకోండి. దాని తీగలకు తొడుగుగా ఒక గొట్టం కావాలి. దాని ఎత్తు 160 మిల్లీమీటర్లు, బయటి వ్యాసం 12 మి.మీ., లోపలి వ్యాసం 8 మి.మీ. పైన మూత బిగించడానికి మరలు ఉంటాయి. వాడే ప్లాస్టిక్ పీఎల్ఏ.

ఇలాంటి వస్తువు చేతికి వచ్చినప్పుడు మొదట వేసుకోవలసిన ప్రశ్న: దీన్ని నిలబెట్టే ముద్రించాలా? గట్టి కడ్డీ అయితే పడుకోబెట్టడమే మంచిది. అప్పుడు ఊడే బెడద ఉండదు. పొరల మధ్య అతుకు కడ్డీకి అడ్డంగా రాదు కాబట్టి అది సులభంగా విరగదు కూడా. మన గొట్టం లోపల బోలుగా ఉంది, పైన మరలున్నాయి. పడుకోబెడితే ఆ రెండూ గుండ్రంగా రావు. అందువల్ల నిలబెట్టక తప్పదు.

7.2 ఎత్తు పెరిగేకొద్దీ ఏం జరుగుతుంది?

నేలలో లోతుగా పాతని గుంజను మొదట్లో తోస్తే కదలదు. అదే బలంతో తల దగ్గర తోస్తే ఒరిగిపోతుంది. ఇక్కడ బలం మారలేదు, బలం పనిచేసే ఎత్తు మాత్రమే మారింది. భౌతికశాస్త్రంలో దీన్ని బలభ్రామకం అంటాం. బలాన్ని దూరంతో గుణిస్తే బలభ్రామకం వస్తుంది.

నాజిల్ పక్క నుంచి గొట్టాన్ని 1 న్యూటన్ బలంతో, అంటే సుమారు 100 గ్రాముల బరువంత బలంతో తాకిందనుకుందాం. గొట్టం ఒకవైపు అంచును ఆసరా చేసుకుని ఒరగాలని చూస్తుంది. దాన్ని ఆపడానికి ఎదుటి అంచు దగ్గర బెడ్ కిందికి పట్టి ఉంచాలి. అక్కడ కావలసిన పట్టు ఉజ్జాయింపుగా ఇంత:

```
పట్టు = తాకిడి బలం × ఎత్తు ÷ అడుగు వెడల్పు
```

గొట్టం 20 మి.మీ. ఎత్తులో ఉన్నప్పుడు 1 × 20 ÷ 12, అంటే సుమారు 1.7 న్యూటన్లు చాలు. గొట్టం 160 మి.మీ.కు చేరాక 1 × 160 ÷ 12, అంటే సుమారు 13.3 న్యూటన్లు కావాలి. తాకిడి అదే, బెడ్ పట్టూ అదే. అడుగు మీద పడే లాగుడు మాత్రం ఎనిమిది రెట్లయింది. ముద్రణ మొదట్లో ఏ హానీ చేయని చిన్న తాకిడి చివర్లో గొట్టాన్ని పడగొట్టడానికి కారణం ఇదే.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 1
అడుగు వెడల్పు 10 మి.మీ., ఎత్తు 200 మి.మీ. ఉన్న కడ్డీని నాజిల్ 1 న్యూటన్ బలంతో తాకితే ఎదుటి అంచు దగ్గర ఎంత పట్టు కావాలి? (జవాబు భాగం చివర ఉంది.)

7.3 తాకిడి ఎక్కడి నుంచి వస్తుంది?

బెడ్ ముందుకూ వెనక్కూ కదిలే ప్రింటర్లలో ఆ ఊపు వల్లే వస్తువు పడిపోతుందని చాలామంది భావిస్తారు. లెక్క వేసి చూద్దాం. మన గొట్టంలో ఉండే పీఎల్ఏ సుమారు 12.5 గ్రాములు. బెడ్ త్వరణం సెకనుకు సెకనుకు 1000 మి.మీ. అయితే గొట్టం మీద పడే బలం దాదాపు 0.0125 న్యూటన్ మాత్రమే. మనం అనుకున్న నాజిల్ తాకిడిలో ఇది ఎనభయ్యో వంతు. ఊపు వల్ల గొట్టం తల కొద్దిగా వణకవచ్చు. దాన్ని ఊడదీసే అసలు దెబ్బ నాజిల్ నుంచే వస్తుంది.

నాజిల్ ఎందుకు తగులుతుంది? ముఖ్య కారణం వేడి. మన గొట్టంలో ఒక పొర వేయడానికి నాజిల్ సుమారు 160 మి.మీ. దారి నడవాలి. సెకనుకు 50 మి.మీ. వేగంతో ఇది దాదాపు మూడు సెకన్ల పని. కింది పొర ఇంకా మెత్తగా ఉండగానే పై పొర వచ్చి పడుతుంది. మెత్తటి అంచు పైకి ముడుచుకుని చిన్న గట్టులా గట్టిపడుతుంది. తరవాతి చుట్టులో నాజిల్ ఆ గట్టుకు తగులుతుంది. అప్పుడు టక్కుమన్న చిన్న శబ్దం వినిపిస్తుంది. ఈ శబ్దం ముందస్తు హెచ్చరిక. అనంతపురం జిల్లా వేసవిలో గది వేడి 38, 40 డిగ్రీలు ఉన్నప్పుడు పొర చల్లారడం ఇంకా ఆలస్యమవుతుంది.

స్లైసర్‌లో `Minimum Layer Time` అనే అమరికను 10 సెకన్లకు మార్చితే నాజిల్ వేగం తగ్గించుకుని ఒక్కో పొరకు పది సెకన్లు తీసుకుంటుంది. పొర మందం 0.2 మి.మీ. అయితే 160 మి.మీ. గొట్టానికి 800 పొరలు. ముద్రణ సమయం సుమారు 40 నిమిషాల నుంచి 2 గంటల 13 నిమిషాలకు పెరుగుతుంది. ఇది తక్కువ మూల్యం కాదు. కానీ ముక్కాలు వంతు పూర్తయిన గొట్టం పడిపోతే అప్పటివరకు పట్టిన సమయమూ, ప్లాస్టిక్కూ రెండూ వృథాయే. నాజిల్ ఒకచోటి నుంచి మరోచోటికి ఖాళీగా కదిలేటప్పుడు కొంచెం పైకి లేచేలా `Z Hop` ను 0.2 నుంచి 0.4 మి.మీ. వరకు పెట్టడం కూడా మేలు చేస్తుంది.

7.4 ఊడిన వస్తువును పరిశీలించడం

పడిపోయిన వస్తువును పారేయకుండా దాని అడుగును చూడండి.

అడుగు నున్నగా, పూర్తిగా ఉండి, బెడ్ మీద ఏమీ మిగలకపోతే బెడ్ పట్టు చాలలేదని అర్థం. మొదటి పొర గీతల మధ్య సందులు కనిపిస్తే నాజిల్ బెడ్‌కు మరీ ఎత్తులో ఉంది. ఈ లోపాన్ని జిగురు సరిచేయలేదు. ముందు నాజిల్ ఎత్తును సరిచేయాలి.

మొదటి కొన్ని పొరలు బెడ్ మీదే మిగిలి, పైభాగం విరిగి ఉంటే బెడ్ పట్టు బాగానే ఉంది, పొరల మధ్య అతుకే బలహీనంగా ఉంది. ఇక్కడ జిగురు పూసి ప్రయోజనం లేదు. నాజిల్ వేడిని కొద్దిగా పెంచి, తాకిడిని తగ్గించాలి.

విరిగిన చోటికి పైనున్న పొరల అంచులు గరుకుగా, పైకి ముడుచుకుని ఉంటే 7.3లో చెప్పిన వేడి సమస్య ఉన్నట్లే.

7.5 అడుగును వెడల్పు చేయడం: బ్రిమ్

వస్తువు అడుగు చుట్టూ ఒకే పొర మందంతో వేసే పలుచని అంచును బ్రిమ్ అంటారు. మన గొట్టానికి `Brim Width` 8 మి.మీ. ఇస్తే అడుగు వెడల్పు 12 నుంచి 28 మి.మీ.కు పెరుగుతుంది. సూత్రం ప్రకారం చివర్లో కావలసిన పట్టు 13.3 నుంచి 5.7 న్యూటన్లకు తగ్గుతుంది. బెడ్‌కు అంటుకునే వైశాల్యం సుమారు 63 చదరపు మి.మీ. నుంచి 566కు, అంటే తొమ్మిది రెట్లకు చేరుతుంది.

అయితే బ్రిమ్ మందం 0.2 మి.మీ. మాత్రమే. అది వంగుతుంది కాబట్టి లెక్కలో వచ్చిన లాభం పూర్తిగా దక్కదు. అయినా జిగురు కన్నా ముందు ప్రయత్నించవలసింది ఇదే. ముద్రణ అయ్యాక బ్రిమ్‌ను కత్తితో తీసివేయవచ్చు.

7.6 గ్లూ స్టిక్ వాడకం

స్టేషనరీ దుకాణాల్లో దొరికే గ్లూ స్టిక్‌లలో చాలావాటికి ముఖ్య పదార్థం పీవీపీ అనే నీటిలో కరిగే పాలిమర్. ఆరిన తరవాత అది బెడ్ మీద పలుచని పొరగా నిలుస్తుంది. గాజు బెడ్ మీద పీఎల్ఏకు ఇది పట్టును పెంచుతుంది.

పీఈటీజీ విషయంలో దీని పని తిరగబడుతుంది. పీఈటీజీ నున్నటి గాజుకు, పీఈఐ పలకకు అతిగా అంటుకుంటుంది. తీసేటప్పుడు గాజు పెచ్చులు లేచిపోవచ్చు. ఇక్కడ జిగురు మధ్యలో తెరలా నిలిచి వస్తువు సులువుగా విడిపోయేలా చేస్తుంది. ఒకే జిగురు ఒకచోట పట్టు పెంచుతుందనీ, మరోచోట బెడ్‌ను కాపాడుతుందనీ గుర్తుంచుకోండి.

పూసే పద్ధతి ఇది. బెడ్ చల్లగా ఉన్నప్పుడు ముందుగా పాత్రలు తోమే ద్రవంతో కడగాలి. వేలిముద్రల జిడ్డు, ఈ ప్రాంతపు సన్నటి దుమ్ము రెండూ పోవాలి. బోరు నీరు కఠినమైనదైతే ఆరాక తెల్లటి పొర మిగులుతుంది. దాని మీద ప్లాస్టిక్ సరిగా అంటదు. కాబట్టి నీరు ఆరకముందే పొడిగుడ్డతో తుడవాలి, లేదా చివర్లో ఫిల్టరు నీటితో కడగాలి. తరవాత గ్లూ స్టిక్‌ను ఒక్క పూతగా రుద్ది, తడిపి పిండిన గుడ్డతో సమంగా పరచాలి. బెడ్ మీద లేత మంచు తెరలా కనిపిస్తే చాలు. గడ్డలు మిగిలితే మొదటి పొర ఎగుడుదిగుడవుతుంది. పూత ఆరిన తరవాత బెడ్‌ను పీఎల్ఏకైతే 60 డిగ్రీలకు వేడిచేయాలి. పొడిగాలికి గ్లూ స్టిక్ త్వరగా ఎండిపోతుంది కాబట్టి వాడగానే మూత బిగించాలి.

ముద్రణ అయ్యాక బెడ్ పూర్తిగా చల్లారనిచ్చి వస్తువును తీయండి. పూత నీటితో పోతుంది.

7.7 కరెంటు పోయినప్పుడు

చాలా ప్రింటర్లు కరెంటు వచ్చాక ఆగినచోటి నుంచే ముద్రణను కొనసాగించగలవు. కానీ ఆ లోపు బెడ్ చల్లారుతుంది. చల్లారేటప్పుడు పీఎల్ఏ గాజు కంటే ఎన్నో రెట్లు ఎక్కువగా కుంచించుకుపోతుంది. ఆ తేడా వల్ల అడుగు పట్టు సడలుతుంది. చూడటానికి గొట్టం నిలబడే ఉంటుంది, నాజిల్ మొదటిసారి తాకగానే ఊడుతుంది. 20 మి.మీ. దగ్గర ఆగిన గొట్టం కొనసాగవచ్చు. 120 మి.మీ. దగ్గర ఆగి, బెడ్ పూర్తిగా చల్లారిన గొట్టాన్ని కొత్తగా మొదలుపెట్టడమే మేలు. కోతలు తరచుగా ఉండేచోట ప్రింటర్ వాడే విద్యుత్తుకు సరిపడే యూపీఎస్ అవసరం.

7.8 సారాంశం

సన్నని వస్తువు ఎత్తు పెరిగేకొద్దీ అదే తాకిడి అడుగు మీద ఎక్కువ లాగుడు కలిగిస్తుంది. అందువల్ల పరిష్కారాలకు ఒక వరస ఉంది. వీలైతే వస్తువును పడుకోబెట్టాలి. కాకపోతే పొరలు చల్లారే వ్యవధి ఇచ్చి తాకిడిని తగ్గించాలి, బ్రిమ్‌తో అడుగును వెడల్పు చేయాలి, శుభ్రమైన బెడ్ మీద పలుచని జిగురు పూయాలి. పొరల మధ్య విరిగినప్పుడు, నాజిల్ ఎత్తు తప్పినప్పుడు జిగురు ఉపయోగపడదు.

7.9 మాదిరి ప్రశ్నలు

1. ఒకే తాకిడి 20 మి.మీ., 160 మి.మీ. ఎత్తులలో వేర్వేరు ఫలితాలు ఎందుకు ఇస్తుందో లెక్కతో వివరించండి.
2. పీఎల్ఏ, పీఈటీజీల విషయంలో గ్లూ స్టిక్ పాత్రను పోల్చండి.
3. గొట్టం 120 మి.మీ. దగ్గర పడిపోయింది. రెండు పొరలు బెడ్ మీదే మిగిలాయి. కారణాన్ని గుర్తించి, మీరు మార్చే అమరికలను రాయండి.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 1: జవాబు
1 × 200 ÷ 10 = 20 న్యూటన్లు.