పది శాతం అమ్మకం, నలభై శాతం లాభం

అమ్మకాలు కొద్దిగా మారినా లాభం అంతకు మించి ఊగడాన్ని లివరేజ్ అంటారు. షెడ్డు అద్దె, జీతాల వంటి స్థిర వ్యయాల వల్ల వచ్చేది ఆపరేటింగ్ లివరేజ్. అప్పు మీద వడ్డీ వల్ల వచ్చేది ఫైనాన్షియల్ లివరేజ్.

ఒక ఊరగాయల యూనిట్ లెక్క ఉదాహరణగా చూడవచ్చు. ఏడాది అమ్మకాలు 10 లక్షల రూపాయలు. కాయలు, నూనె, కారం, సీసాల వంటి చర వ్యయాలు 6 లక్షలు. మిగిలిన 4 లక్షలు కాంట్రిబ్యూషన్. స్థిర వ్యయాలు 2 లక్షలు పోగా నిర్వహణ లాభం 2 లక్షలు. వడ్డీ 1 లక్ష కట్టాక పన్నుకు ముందు లాభం 1 లక్ష.

కాంట్రిబ్యూషన్‌ను నిర్వహణ లాభంతో భాగిస్తే ఆపరేటింగ్ లివరేజ్ 2. నిర్వహణ లాభాన్ని పన్నుకు ముందు లాభంతో భాగిస్తే ఫైనాన్షియల్ లివరేజ్ 2. ఈ రెండింటినీ గుణిస్తే వచ్చే 4 సంయుక్త లివరేజ్.

అమ్మకాలు 10 శాతం పెరిగితే కాంట్రిబ్యూషన్ 4.4 లక్షలు, నిర్వహణ లాభం 2.4 లక్షలు, చివరి లాభం 1.4 లక్షలు అవుతాయి. అంటే 40 శాతం పెరుగుదల. అదే అమ్మకాలు 25 శాతం తగ్గితే లాభం సున్నా.

వడ్డీని స్థిర వ్యయాల్లో కలిపేస్తే ఆపరేటింగ్ లివరేజ్ 4గా తేలుతుంది, అది తప్పు. పైగా ఈ అంకెలు ఆ అమ్మకాల స్థాయికే వర్తిస్తాయి. ఇవే ఖర్చుల తీరుతో అమ్మకాలు 20 లక్షలకు చేరితే సంయుక్త లివరేజ్ 1.6కు దిగుతుంది.