పెళ్లి కాని అడ్వాన్సు

వైశాఖంలో పెళ్లి పెట్టుకున్నవాళ్లు సంక్రాంతి దాటగానే ఫంక్షన్ హాలు మాట్లాడుకుంటారు. అడ్వాన్సు ఇచ్చి, డైరీలో పేరూ ముహూర్తమూ రాయించుకుని వెళతారు. ఆ అడ్వాన్సుకీ పెళ్లికీ మధ్యలో మార్చి 31 వస్తుంది. ఆ రోజుతో లెక్కల సంవత్సరం ముగుస్తుంది కాబట్టి హాలు యజమాని ఒక సంగతి తేల్చుకోవాలి: చేతికొచ్చిన డబ్బు ఈ ఏటి ఆదాయమా, వచ్చే ఏటిదా?

చిన్న పట్నంలో ఒక హాలు ఉందనుకుందాం. రోజు అద్దె 2 లక్షలు. జనవరి, మార్చి మధ్య 12 పెళ్లిళ్లకు తలా లక్ష అడ్వాన్సు వచ్చింది. పెళ్లిళ్లన్నీ ఏప్రిల్, మే నెలల్లో. మిగతా లక్ష పెళ్లినాడు ఇస్తారు. జనరేటర్ డీజిలు, కరెంటు, ఊడ్చి కడిగేవాళ్ల కూలి కలిపి పెళ్లికి 50 వేలు ఖర్చు. జీఎస్టీని కాసేపు పక్కన పెడదాం.

నగదు పద్ధతిలో డబ్బు వచ్చిన రోజే జమ, ఇచ్చిన రోజే ఖర్చు. అలా రాస్తే మార్చికల్లా 12 లక్షల ఆదాయం కనిపిస్తుంది, ఈ పెళ్లిళ్ల ఖర్చు ఒక్క రూపాయీ ఉండదు. ఏప్రిల్, మే నెలల్లో మరో 12 లక్షలు వస్తాయి, 6 లక్షలు పోతాయి, మిగిలేది 6 లక్షలు. అంటే హాలు ఖాళీగా ఉన్న నెలల్లో లాభం ఎక్కువ, భాజాలు మోగిన నెలల్లో తక్కువ!

అక్రూవల్ పద్ధతి, మన వ్యాపారుల మాటలో మర్కంటైల్ పద్ధతి, పని ఎప్పుడు జరిగిందో చూస్తుంది. మార్చిలో ఉన్న 12 లక్షలు బ్యాంకులో యజమానివే అయినా, ఆస్తి అప్పుల పట్టీలో అప్పుల వైపు ‘కస్టమర్ల అడ్వాన్సులు’గా నిలబడతాయి. డబ్బు తీసుకున్నాడు, హాలు ఇంకా ఇవ్వలేదు కనుక అది బాకీయే. పెళ్లి జరిగిన రోజున ఆ లక్ష బాకీ తీరి, కొత్తగా వచ్చిన లక్షతో కలిసి 2 లక్షల ఆదాయం అవుతుంది. ఆ పెళ్లి ఖర్చు 50 వేలూ అక్కడే పడుతుంది. ఏప్రిల్, మే లాభం 18 లక్షలు. రెండు పద్ధతుల్లోనూ మొత్తం అంతే, ఏ ఏటిది అన్నదే తేడా.

ఆ తేడా ఎంత పెద్దదో 2020లో తెలిసింది. మార్చి 25న లాక్‌డౌన్ మొదలైంది, సంవత్సరం ముగియడానికి ఇంకా ఆరు రోజులుంది. మన హాలు 12 లక్షలనూ ఆదాయంగా రాసుకుని ఉంటే, జరగని పెళ్లిళ్ల మీద లాభం చూపినట్టే. అప్పుగా రాసుకుని ఉంటే చిక్కు లేదు. అడ్వాన్సు వెనక్కి ఇస్తే బ్యాంకులో డబ్బు తగ్గుతుంది, బాకీ తగ్గుతుంది, లాభనష్టాలు కదలవు. పెళ్లి వాయిదా పడితే కొత్త ముహూర్తం దాకా బాకీ అలాగే ఉంటుంది.

‘అడ్వాన్సు వాపసు లేదు’ అని రసీదు మీద అచ్చు వేసుకున్నవాళ్లు ఇక్కడే పొరబడతారు. వాపసు లేకపోయినా హాలు ఇవ్వాల్సిన బాధ్యత ఉంది కదా, కాబట్టి అది ఇంకా ఆదాయం కాదు. కస్టమరు రద్దు చేసుకుని, ఇక హాలూ డబ్బూ అడిగే హక్కు లేకుండా పోయిన రోజునే ఆదాయమవుతుంది.

కంపెనీలైతే అక్రూవల్ పద్ధతిలోనే రాయాలని 2013 నాటి కంపెనీల చట్టం చెబుతోంది. సొంత వ్యాపారులూ, డాక్టర్లూ, లాయర్లూ ఆదాయపు పన్నుకు రెండింట్లో ఒకటి ఎంచుకోవచ్చు. అయితే ఏటేటా అదే పాటించాలి, అనుకూలాన్ని బట్టి కొంత అదీ కొంత ఇదీ కుదరదు. జీఎస్టీది మరో దారి: సేవలకు అడ్వాన్సు అందినప్పుడే పన్ను కట్టమంటుంది. అందుకే జీఎస్టీ రిటర్నులో ఉన్న మొత్తమూ పుస్తకంలోని ఆదాయమూ కలవవు. కలవకపోవడం తప్పు కాదు, ఎందుకు కలవలేదో చూపలేకపోవడమే తప్పు.

అక్రూవల్‌కూ ఒక లోపం ఉంది. లాభం కనిపిస్తుంది, గల్లాలో డబ్బు ఉండకపోవచ్చు. మార్చి 28న ఒక కంపెనీ డీలర్ల సమావేశం పెట్టుకుని, లక్షన్నర బిల్లు మే నెలలో కడతానందనుకోండి. ఆదాయం మార్చిదే, కంపెనీ మనకు బాకీదారు. రేపు ఎగవేస్తే ఆ మార్చి ఆదాయాన్ని చెరిపేయరు, రాని బాకీ అని తర్వాత నష్టంలో రాస్తారు.

ఇలాంటి బిల్లును ఏప్రిల్‌కు నెట్టేసి ఈ ఏటి పన్ను తగ్గించుకునేవాళ్లూ ఉంటారు, బ్యాంకు లోను కోసం ఏప్రిల్ బిల్లును మార్చికి లాగేవాళ్లూ ఉంటారు. ఆడిటరు బిల్లు పుస్తకంతో ఆగడు, బుకింగ్ డైరీ అడుగుతాడు. 28న డైరీలో పేరుండి, జనరేటర్ పుస్తకంలో ఆ సాయంత్రం నాలుగు గంటలు నడిచినట్టు రాసుండి, బిల్లు మీద మాత్రం ఏప్రిల్ తేదీ ఉంటే, యజమాని సమాధానం వెతుక్కోవాల్సిందే.