శ్వాసనాళాలపై రెండు నాడుల అదుపు

శ్వాసనాళాల గోడల్లోని నునుపు కండరాన్ని, శ్లేష్మ గ్రంథులను ప్రధానంగా నడిపించేది పారాసింపథెటిక్ వ్యవస్థకు చెందిన వేగస్ నాడి. దాని కొసల నుంచి వెలువడే ఎసిటైల్‌కోలిన్ ఎమ్3 గ్రాహకాలకు అతుక్కోగానే కండరం బిగుస్తుంది, గ్రంథులు శ్లేష్మాన్ని వదులుతాయి. దుమ్ము లేదా చల్లగాలి తగిలినప్పుడు ఆస్తమా రోగికి నాళం ఇరుకవడంలో ఈ ప్రతిచర్యకూ పాత్ర ఉంది.

సింపథెటిక్ వ్యవస్థ దీనికి సరిసమానమైన ఎదురు నాడి అనుకోవడం పొరపాటు. మనిషి శ్వాసనాళ కండరానికి ఆ నాడీ తంతువులు చాలా తక్కువగా చేరుతాయి. నాళాన్ని సడలించే పని ఎక్కువగా అడ్రినల్ గ్రంథి నుంచి రక్తంలోకి వచ్చే అడ్రినలిన్‌ది. అది కండరంపై ఉన్న బీటా-2 గ్రాహకాల ద్వారా పనిచేస్తుంది. గ్రంథులపై సింపథెటిక్ ప్రభావం స్వల్పమే.

చేతుల వణుకుకు ప్రొప్రనొలాల్ మాత్ర వేసుకున్న ఆస్తమా రోగిని తీసుకుందాం. ఆ మందు బీటా-2 గ్రాహకాలను అడ్డుకుంటుంది. వేగస్ బిగింపుకు ఎదురు లేకపోవడంతో పిల్లికూతలు, ఆయాసం మొదలవుతాయి. ఆరోగ్యవంతుల్లో సాధారణంగా ఇలా జరగదు. అప్పుడు సాల్బ్యుటమాల్ పీల్చినా ఆశించినంత ఫలితం రాకపోవచ్చు, ఎందుకంటే అది పట్టుకోవలసిన గ్రాహకమే మూసుకుపోయింది. ఇప్రట్రోపియం మాత్రం ఎసిటైల్‌కోలిన్‌నే అడ్డుకుంటుంది కనుక ఇక్కడ పనికొస్తుంది. కాకపోతే ప్రభావం కాస్త నిదానంగా కనిపిస్తుంది.