పాలసీ లోను ఉత్తరంలో కొట్టేసిన వాక్యం

మా పక్కింటి వదిన బ్లౌజులు కుడుతుంది. 2025 ఏప్రిల్‌లో అబ్బాయి కాలేజీ ఫీజుకి లక్ష రూపాయలు అవసరమై, ఎల్‌ఐసీ పాలసీ మీద లోను కోసం ఉత్తరం రాసుకుని, సరిచూడమని నా దగ్గరికి తెచ్చింది. ‘పిల్లాడి చదువు ఆగిపోతుంది, దయచేసి ఇప్పించగలరు, నెలకు 4,000 చొప్పున తీర్చేస్తాను’ అని రాసింది.

ఆ రెండు ముక్కలూ కొట్టేశాను. ఆవిడ ముఖం చిన్నబోయింది.

ఈ లోనుకి బతిమాలుకోవాల్సిన పని లేదు. పాలసీని ఇవాళ రద్దు చేసుకుంటే ఎంత చేతికొస్తుందో అది సరెండర్ విలువ. ప్రీమియాలు సక్రమంగా కడుతున్న పాలసీకి అందులో 90 శాతం వరకూ ఎల్‌ఐసీ లోను ఇస్తుంది. వదిన పాలసీ సరెండర్ విలువ రెండు లక్షలని ఆఫీసులో చెప్పారు, అంటే లక్షా ఎనభై వేల దాకా దొరుకుతుంది. బీమా మొత్తం ఐదు లక్షలు కాబట్టి లోనూ అంతే వస్తుందనుకుని కౌంటరు దగ్గర నిరాశపడేవాళ్ళు చాలామంది. టర్మ్ పాలసీకైతే సరెండర్ విలువే ఉండదు, లోనూ ఉండదు.

ఇక నెలవారీ వాయిదా అనేది ఇక్కడ లేదు. వడ్డీ మాత్రం ఆరు నెలలకోసారి కట్టాలి. ఆ తేదీలు లోను తీసుకున్న రోజుని బట్టి కాక, పాలసీ మొదలైన తేదీని బట్టి వస్తాయి. వదిన బాండు మీద 28-03-2015 అని ఉంది. కాబట్టి ఏటా సెప్టెంబరు 28, మార్చి 28. అసలు ఎప్పుడైనా, ఎంతైనా కట్టొచ్చు. కట్టకపోయినా ఎవరూ తలుపు తట్టరు. చిక్కంతా అక్కడే ఉంది. ఏడాదికి తొమ్మిదిన్నర శాతం వడ్డీ అనుకుందాం. అసలూ వడ్డీ రెండూ వదిలేస్తే వడ్డీ మీద వడ్డీ పడి, లక్ష కాస్తా ఐదేళ్ళలో సుమారు 1,59,000 అవుతుంది. ప్రీమియం కూడా ఆపేస్తే, బాకీ సరెండర్ విలువని దాటిన రోజున పాలసీనే దానికింద జమకట్టేసుకుంటారు.

అందుకే ఉత్తరంలో తీర్చే పద్ధతి రాయడం ఆఫీసు కోసం కాదు, మన కోసం. వదినకి శ్రావణం పెళ్ళిళ్ళ డబ్బు సెప్టెంబరుకి చేతికొస్తుంది. మార్చిలో లోను వడ్డీతో పాటు పాతికవేల ప్రీమియం కూడా మీద పడుతుంది. అందుకని సెప్టెంబరులో 35,000, మార్చిలో 15,000 అసలు కట్టాలని లెక్క వేశాం. చివరికి ఉత్తరం ఇలా తయారైంది:

‘శాఖ మేనేజరు గారికి, పై నంబరు ఎండోమెంట్ పాలసీ నా పేరున ఉంది. మొదలైన తేదీ 28-03-2015, గడువు 20 ఏళ్ళు, బీమా మొత్తం 5,00,000 రూపాయలు. 2025 మార్చి ప్రీమియం వరకూ కట్టాను. దీని మీద ఇదివరకు లోను తీసుకోలేదు, ఎవరికీ అసైన్ చేయలేదు. 1,00,000 రూపాయల లోను మంజూరు చేసి, జతపరిచిన క్యాన్సిల్డ్ చెక్కులోని ఖాతాకి జమ చేయగలరు. వడ్డీ ప్రతి గడువుకీ కడతాను. అసలు 2025, 2026 సెప్టెంబరుల్లో 35,000 చొప్పున, 2026, 2027 మార్చిల్లో 15,000 చొప్పున తీరుస్తాను. ఒరిజినల్ బాండు, లోను ఫారం జతచేశాను.’

ఈ లెక్కన నాలుగు గడువుల వడ్డీ 4,750, 3,088, 2,375, 713. మొత్తం పదకొండు వేల లోపే. లోను ఏప్రిల్‌లో వచ్చింది కాబట్టి మొదటి వడ్డీ ఇంకాస్త తగ్గుతుంది. మధ్యలో చీటీ డబ్బు వచ్చిందని రెండు నెలలకే తీర్చేసినా ఆరు నెలల వడ్డీ మాత్రం తప్పదు.

‘బాండు వాళ్ళ పేర రాసిచ్చేస్తే మీ అన్నయ్య నామినీ పోతుందా?’ అని అడిగింది వదిన. లోను కోసం పాలసీని బీమా సంస్థకే అసైన్ చేస్తే నామినేషన్ రద్దు కాదు. బీమా చట్టం 39వ సెక్షన్‌లో ఆ మాట ఉంది. ఈలోగా జరగరానిది జరిగితే బాకీ, వడ్డీ మినహాయించుకుని మిగతాది నామినీకి ఇస్తారు.

బాండు ఇచ్చేముందు అన్ని పేజీలూ, వెనకవైపుతో సహా, జిరాక్సు తీయించాం. ఉత్తరం రెండో ప్రతి మీద ఆఫీసు ముద్ర వేయించుకుంది. అసలు కట్టే రోజున కౌంటరులో ‘వడ్డీకి ఇంత, అసలుకి ఇంత’ అని విడదీసి చెప్పి, రసీదులో అలాగే పడిందో లేదో చూసుకోమన్నాను. ఆఖరి వాయిదా కట్టాక అసైన్‌మెంటు తిరిగి తన పేరుకి మార్పించుకుని బాండు వెనక్కి తెచ్చుకోవాలి. ఆ పని కూడా 2027 మార్చి కింద రాసుకుని, కాగితాన్ని కుట్టుమిషను పైన గోడకి అంటించింది.