గ్రూప్‌లో పెట్టే ఆ ఒక్క మెసేజ్

"ఫ్రెండ్స్, తలో టాపిక్ తీసుకోండి. గురువారానికల్లా పీపీటీ పంపేయండి. ఫార్మాట్ అందరిదీ ఒకేలా ఉండాలి." కాలేజీలో బృంద ప్రజెంటేషన్ అనగానే లీడర్ వాట్సాప్ గ్రూప్‌లో పెట్టే మెసేజ్ ఎక్కువగా ఇలాగే ఉంటుంది. చదివినవాళ్లంతా బొటనవేలు గుర్తు పెడతారు. గురువారం అర్ధరాత్రికి ఫైళ్లు వస్తాయి. తెరిచి చూస్తే ఒకే విషయం ఇద్దరు రాసి ఉంటారు, ముఖ్యమైన విషయం ఒకటి ఎవరి వాటాలోకీ రాకుండా మిగిలిపోయి ఉంటుంది. శుక్రవారం పొద్దున పది గంటలకు వేదిక ఎక్కాలి.

ఇలా జరిగినప్పుడు పిల్లలు పని ఎగ్గొట్టారని అంటాం. నిజానికి ఆ మెసేజ్‌లో చేయడానికి వీలైన పనేదీ లేదు. ఎవరి భాగం ఎక్కడ ఆగాలో, గురువారం అంటే ఎన్ని గంటలకో, ఒకేలా అంటే ఎలాగో అందులో లేవు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. తెలంగాణ ప్రభుత్వ డిగ్రీ కాలేజీల్లో జిజ్ఞాస పేరుతో విద్యార్థులు బృందాలుగా అధ్యయన ప్రాజెక్టులు చేస్తుంటారు. అలాంటి బృందమొకటి మిషన్ కాకతీయ గురించి తెలుగులో పదిహేను నిమిషాలు మాట్లాడాలి అనుకుందాం. చెరువుల పునరుద్ధరణకు 2015లో మొదలైన పథకం అది. బృందంలో లీడర్‌తో కలిపి అయిదుగురు: లక్ష్మి, సలీం, రమ, శ్రీను, లీడర్. పేర్లు మనం పెట్టుకున్నవే.

మొదటి చిక్కు పంపకంలో వస్తుంది. చరిత్ర, చెరువులు పాడైన కారణాలు, పథకం, ఊళ్లో చూసింది, ఫలితాలు అని అయిదు పేర్లు రాసేస్తే పని పంచినట్టే కనిపిస్తుంది. కానీ ఈ అంశంలో పూడిక మూడు భాగాల్లోకీ వస్తుంది. చెరువు ఎందుకు పాడైందంటే పూడిక చేరింది. పథకంలో ఏం చేశారంటే పూడిక తీశారు. ఊళ్లో ఏం చూశారంటే, రైతులు తమ ఖర్చుతో పొలాలకు తోలుకున్న ఆ మట్టినే చూశారు. హద్దు చెప్పకపోతే ముగ్గురూ పూడిక మీదే స్లయిడ్లు చేస్తారు. కాబట్టి మెసేజ్ ఇలా ఉండాలి:

"1. లక్ష్మి: కాకతీయుల నాటి చెరువులు. రామప్ప, పాకాల, లక్నవరం చాలు. 2 నిమిషాలు.
2. సలీం: చెరువులు ఎందుకు దెబ్బతిన్నాయి. పూడిక ఎలా చేరిందో నీది, ఎలా తీశారో నీది కాదు. 3 నిమిషాలు.
3. రమ: పథకం. 2015 నుంచి మొదలుపెట్టు. పూడిక తీయడం, కట్ట, తూము మరమ్మతులు. 3 నిమిషాలు.
4. శ్రీను: మనం వెళ్లిన ఊరు. తీసిన మట్టి పొలానికి ఏం చేసిందో రైతులు చెప్పింది. 4 నిమిషాలు.
5. నేను: మనకు తేలింది, తేలనిది. 2 నిమిషాలు.
నిమిషానికి ఒక స్లయిడ్, అంతకు మించొద్దు."

మొత్తం పద్నాలుగు నిమిషాలు. మిగిలిన నిమిషం ఒకరు దిగి ఒకరు మైకు అందుకోవడానికే పోతుంది. వాటాలు సమానంగా లేవని ఎవరైనా అడగొచ్చు. ఊరికి వెళ్లి రైతులతో మాట్లాడటం ఒక్కటే ఈ బృందం సొంతంగా చేసిన పని, న్యాయనిర్ణేతలు ప్రశ్నలు వేసేదీ అక్కడే. అందుకే శ్రీనుకు నాలుగు నిమిషాలు. కాకతీయుల చరిత్ర ఎంత ఆసక్తిగా ఉన్నా రెండు నిమిషాలకు మించి ఇవ్వకూడదు. లీడర్ చిన్న భాగం తీసుకోవడం కూడా సబబే, ఎందుకంటే అన్నీ కలిపి కుట్టే పని అతనిదే. తన భాగమే పెద్దదైతే ఆ పని ఎప్పుడూ ఆఖరి రాత్రికే జరుగుతుంది.

గడువును చివరి నుంచి వెనక్కి లెక్కపెట్టుకోవాలి. శుక్రవారం ప్రజెంటేషన్ అయితే గురువారం చిన్నచిన్న దిద్దుబాట్లకు వదిలేయాలి. బుధవారం సాయంత్రం అయిదుగురూ నిలబడి, గడియారం పెట్టుకుని ఒకసారి చెప్పి చూసుకోవాలి. అంటే మంగళవారం ఫైళ్లు కలపాలి, సోమవారం రాత్రి తొమ్మిదికి అందరి స్లయిడ్లూ చేరాలి. మెసేజ్‌లో రాయాల్సింది ఆ సోమవారం తొమ్మిది గంటలే. దానికి రెండు రోజుల ముందు, శనివారం సాయంత్రానికి, ఎవరి స్లయిడ్ల శీర్షికలు వాళ్లు గ్రూప్‌లో టైప్ చేయమనాలి. శీర్షికలు మాత్రమే. సలీం మూడో శీర్షిక "పూడికతీత" అని ఉంటే, స్లయిడ్ తయారు కాకముందే రమ ఆపేస్తుంది.

ఇక ఫార్మాట్. ఎన్ని నియమాలు రాసినా సగం మరిచిపోతారు. లీడర్ తానే ఒక ఖాళీ పీపీటీ తయారుచేసి, సైజు, రంగులు, ఫాంట్ అందులోనే పెట్టి గ్రూప్‌లో పంపేస్తే చాలా నియమాలు రాయనక్కర్లేదు. అయినా ఒక్క మాట తప్పకుండా రాయాలి: "కొత్త టెక్స్ట్ బాక్సులు గీయొద్దు, ఫైల్‌లో ఉన్న పెట్టెల్లోనే టైప్ చేయండి." కారణం ఉంది. ఫైళ్లు కలిపేటప్పుడు పేస్ట్ ఆప్షన్లలో `Use Destination Theme` ఎంచుకుంటే వచ్చిన స్లయిడ్ మన రంగుల్లోకి, మన ఫాంట్లోకి మారుతుంది. ఇంకా ఏదైనా తేడాగా ఉంటే `Home` ట్యాబ్‌లోని `Reset` నొక్కితే పెట్టెలు తమ చోటికి, తమ సైజుకు వస్తాయి. కానీ ఎవరికి వారు గీసుకున్న బాక్సులను `Reset` సర్దదు. వాటిని ఒక్కొక్కటిగా చేత్తో సర్దాలి, మంగళవారం రాత్రంతా అక్కడే పోతుంది.

తెలుగు స్లయిడ్లకు ఇంకో జాగ్రత్త కావాలి. డీటీపీ సెంటర్‌లో అను ఫాంట్లతో టైప్ చేయించిన పాఠం, ఆ ఫాంట్లు లేని కంప్యూటర్‌లో అర్థంలేని ఇంగ్లిష్ అక్షరాలుగా కనిపిస్తుంది. యూనికోడ్‌లో టైప్ చేసి, విండోస్‌తో పాటే వచ్చే `Nirmala UI` వాడితే సెమినార్ హాల్ కంప్యూటర్‌లోనూ తెలుగు తెలుగులాగే ఉంటుంది. వరుసల మధ్య దూరాన్ని `Exactly` అని బిగించడం కూడా వద్దనాలి. ఇంగ్లిష్‌కు అది పర్వాలేదు. మన అక్షరాలకు కింద వత్తులు, పైన గుడులు ఉంటాయి. దూరం చాలకపోతే పై వరుసలోని వత్తు కింది వరుసలోని గుడిని ఢీకొంటుంది, వెనక బెంచీలో కూర్చున్నవారికి ఏ అక్షరమో తెలియదు. అక్షరాలు 24 పాయింట్లకు తగ్గకూడదని ఒక్క వాక్యం రాస్తే ఒక స్లయిడ్‌లో ఎంత సరుకు నింపాలన్నదీ దానంతటదే తేలిపోతుంది.

ఫైల్ పేరు ఎలా ఉండాలో కూడా మెసేజ్‌లోనే చెప్పాలి: `3_pathakam_v1.pptx`. ముందు భాగం నంబరు, తర్వాత విషయం, చివర ఎన్నో ప్రతి. పేరులో `final` అనే మాట వద్దనాలి, దాని తర్వాత ఇంకో ఫైనల్ ఎప్పుడూ వస్తుంది.

మెసేజ్ చివర బొటనవేలు గుర్తు చాలదని చెప్పాలి. "మీ భాగమేంటో, ఎన్ని నిమిషాలో, ఎప్పటికి పంపుతారో ఒక లైన్‌లో టైప్ చేయండి." రమ "పథకం, 3 నిమిషాలు, సోమవారం 9" అని రాస్తే చదివిందని తెలుస్తుంది. శ్రీను "సోమవారం మా అక్క పెళ్లి, ఆదివారమే పంపుతా" అని రాస్తే ఆ సంగతి వారం ముందే తెలుస్తుంది. ఇలాంటి అడ్డంకులు బయటపడేది ఈ ఒక్క లైన్‌లోనే.

మంగళవారం ఫైళ్లు కలిశాక ఉమ్మడి ఫైల్ ఒక్కరి దగ్గరే ఉండాలి. ఆ తర్వాత ఎవరూ మొత్తం ఫైల్ మార్చి తిరిగి పంపకూడదు. "9వ స్లయిడ్, రెండో వరుస, ఎకరాల అంకె తప్పు" అని గ్రూప్‌లో రాస్తే లీడర్ దిద్దుతాడు. గురువారం రాత్రి ఎనిమిది తర్వాత వచ్చిన దిద్దుబాట్లలో అంకెలు, అక్షరదోషాలు మాత్రమే తీసుకోవాలి. ఇంకో ఫొటో చేర్చమని ఎవరు అడిగినా కుదరదనాలి. చివరికి ఆ ఫైల్‌ను పీడీఎఫ్‌గా కూడా దాచి, రెండూ పెన్‌డ్రైవ్‌లో వేసుకుని, గంట ముందే హాల్ కంప్యూటర్‌లో తెరిచి తెలుగు సరిగా కనిపిస్తోందో లేదో చూసుకోవాలి.