మానని నోటిపుండ్లు: పెంఫిగస్ వ్యాధి

నోటిపూత అందరూ ఎరిగినదే. సాధారణమైన నోటిపుండు గుండ్రంగా, ఎర్రని అంచుతో ఉండి, ఒకటి రెండు వారాలలో దానంతట అదే మానుతుంది. పెంఫిగస్ వ్యాధిలో వచ్చే పుండు అటువంటిది కాదు. దాని అంచులు చిరిగిన కాగితంవలె వంకరటింకరగా ఉంటాయి. ఒకటి మానకముందే బుగ్గల లోపల, చిగుళ్లపై, అంగిలిపై మరికొన్ని లేస్తాయి. చాలామందిలో వ్యాధి మొదట నోటిలోనే కనబడుతుంది. చర్మంపై బొబ్బలు లేవడానికి కొన్ని నెలలు పట్టవచ్చును. ఆ నెలలన్నీ విటమిన్ మాత్రలతో, పూతమందులతో గడిచిపోవడమే ఈ వ్యాధిలో జరిగే మొదటి నష్టం.

చర్మకణాలు ఇటుకల వరుసలవలె పేర్చబడి ఉంటాయి. వాటిని పట్టి ఉంచే సున్నంవంటి పదార్థాలలో డెస్మోగ్లీన్ అనే ప్రోటీన్లు ముఖ్యమైనవి. రోగాలనుండి కాపాడవలసిన ప్రతిరక్షకాలు పొరబడి ఈ ప్రోటీన్లపైనే దాడి చేసినప్పుడు కణాలు ఒకదానినుండి ఒకటి విడిపోతాయి. ఆ సందులో నీరు చేరి బొబ్బ అవుతుంది. బొబ్బ పైపొర మిక్కిలి పలుచన కనుక తాకితేనే చిట్లి, పచ్చిపుండు మిగులుతుంది. ఇది అంటువ్యాధి కాదు. రోగితో కలిసి భుజించినా, తాకినా ఇతరులకు సోకదు.

యాభై ఏండ్ల వయస్సు, 60 కిలోల బరువు గల ఒక గృహిణిని ఉదాహరణగా తీసుకుందాము. రెండు నెలలుగా ఆమె నోటిపుండ్లు మానలేదు. కారం తగిలితే కన్నీళ్లు వస్తున్నాయి. వీపుపై రెండు మెత్తని బొబ్బలు లేచి చిట్లినవి. చర్మవ్యాధుల వైద్యుడు ఆమెకు బయాప్సీ చేస్తారు, అనగా మత్తు సూది ఇచ్చి రెండు చిన్న ముక్కలు తీస్తారు. మొదటిది కొత్త బొబ్బ లేదా పుండు అంచునుండి తీసినది. దానిని ఫార్మలిన్‌లో ఉంచి, కణాలు ఏ పొరలో విడిపోయినవో సూక్ష్మదర్శినితో చూస్తారు. రెండవది పుండు ప్రక్కన బాగుగా కనబడే భాగంనుండి తీసినది. కణాల నడుమ అంటుకొన్న ప్రతిరక్షకాలను ఇమ్యునోఫ్లోరసెన్స్ అనే పరీక్ష ఇందులో చూపుతుంది. ఈ ముక్కను ఫార్మలిన్‌లో వేస్తే పరీక్ష చెడిపోతుంది కనుక దానికి వేరు ద్రావణం వాడుతారు. రక్తంలో డెస్మోగ్లీన్ ప్రతిరక్షకాల కొలత వ్యాధి నిర్ధారణకూ, తరువాత వ్యాధి గమనాన్ని తెలుసుకొనడానికీ ఉపకరిస్తుంది.

చికిత్సలో మొదటి మందు స్టెరాయిడ్. వ్యాధి తీవ్రంగా ఉంటే ప్రెడ్నిసోలోన్ రోజుకు కిలో బరువుకు 1 మిల్లీగ్రాము వరకు, అనగా ఈమెకు 60 మిల్లీగ్రాముల వరకు, ఇవ్వవచ్చును. దీర్ఘకాలం అంత మోతాదు వాడితే మధుమేహం, రక్తపోటు, ఎముకల బలహీనత, అంటురోగాలు కలిగే ప్రమాదం ఉంది. అందువలన స్టెరాయిడ్ తగ్గించగలుగుటకు అజాథయోప్రిన్ వంటి మరొక మందును చేరుస్తారు. అది పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది. రక్తకణాలను, కాలేయాన్ని తరచుగా పరీక్షించవలెను. ప్రతిరక్షకాలకు మూలమైన కణాలను తగ్గించే రిటుక్సిమాబ్ ఇప్పుడు ప్రధానమైన మందులలో ఒకటి. దీనిని సాధారణంగా 1000 మిల్లీగ్రాముల చొప్పున, రెండు వారాల ఎడంతో రెండుసార్లు సెలైన్‌తో నరంలోనికి ఎక్కిస్తారు. అంతకుముందు హెపటైటిస్ బి, క్షయ ఉన్నవేమో చూడవలెను; లోపల దాగిన రోగం ఈ మందుతో విజృంభించవచ్చును.

కొత్త పుండ్లు ఆగి, పాతవి చాలావరకు మానిన పిదపనే వైద్యుడు స్టెరాయిడ్‌ను మెట్లుమెట్లుగా తగ్గిస్తారు. ఇందుకు నెలలు, కొందరికి సంవత్సరాలు పడుతుంది. నోరు మానినదని మాత్రలు ఒక్కసారిగా మానడం అత్యంత ప్రమాదకరం. బయటినుండి స్టెరాయిడ్ అందుతున్నంత కాలం శరీరం తన స్టెరాయిడ్‌ను తాను తయారుచేసుకొనడం తగ్గిస్తుంది. హఠాత్తుగా ఆపితే వాంతులు, తీవ్రమైన నీరసం కలిగి, రక్తపోటు పడిపోవచ్చును. వ్యాధి తిరగబెట్టే అవకాశమూ ఎక్కువ. స్వగ్రామానికి వెళ్లేవారు తిరిగి వచ్చువరకు సరిపడు మాత్రలను, ప్రస్తుత మోతాదు వ్రాసిన చీటీని, బయాప్సీ నివేదికను వెంట ఉంచుకొనవలెను.

పుండ్లు ఉన్నంతకాలం ఊరగాయలు, అప్పడాలు, వేడివేడి పదార్థాలు మాని, చల్లార్చిన రాగి జావ, పెరుగన్నం వంటివి తినడం మేలు. మెత్తని బ్రష్షుతో పళ్లు తోముకొనవలెను. బొబ్బలను గిల్లి చూడరాదు. జ్వరం వచ్చినా, పుండ్లు చీము పట్టినా, మింగలేకపోయినా అదే రోజు ఆసుపత్రికి వెళ్లవలెను; ఈ వ్యాధిలో ప్రాణాపాయం తరచుగా రక్తంలోనికి ప్రాకిన అంటురోగం వలననే కలుగుతుంది. మూడు వారాలకు మించి మానని నోటిపుండు ఏదైనను వైద్యునికి చూపవలెను. బయాప్సీ అవసరమా అని ఆయనను అడుగుటకు సంకోచించరాదు.